ఒకే ఒప్పందంలో ఢిల్లీ, లండన్, సింగపూర్: ఆర్బిట్రేషన్ సీటు ఏది?

సిరాబుడ్డి
ఒక సప్లై ఒప్పందం సంతకాలకు ముందు చూడమని నా చేతికొచ్చింది. ఒక పక్షం భారత కంపెనీ, రెండోది విదేశీ కంపెనీ. ఆర్బిట్రేషన్ క్లాజు తెలుగులో చెప్పాలంటే ఇలా ఉంది:

22.1: ఈ ఒప్పందానికి భారత చట్టం వర్తిస్తుంది. ఢిల్లీ కోర్టులకు మాత్రమే అధికార పరిధి ఉంటుంది.
22.2: వివాదాలన్నీ భారత 1996 ఆర్బిట్రేషన్ చట్టం ప్రకారం పరిష్కరించుకోవాలి. ఆర్బిట్రేషన్ వెన్యూ లండన్.
షెడ్యూలు 4: ఆర్బిట్రేషన్ జరిగే స్థలం సింగపూర్.

ఆర్బిట్రేషన్‌ను ఏ దేశపు చట్టం, ఏ కోర్టు పర్యవేక్షిస్తాయో చెప్పే 'సీటు' అన్న మాట ఎక్కడా లేదు. దీన్ని ఎలా చదవాలి?

గట్టుమీద
ఇందులో తికమకేమీ లేదు. 2019లో సోమా కేసులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక వెన్యూ అంటే సీటే. వెన్యూ లండన్ అన్నారు కాబట్టి సీటు లండన్. షెడ్యూలు కంటే అసలు క్లాజుకే బలం ఎక్కువ.

పాతఫైళ్లు
గట్టుమీద గారూ, సోమా తీర్పులో మీరు చెప్పింది సగమే. ఆర్బిట్రేషన్ ప్రొసీడింగ్స్ మొత్తం ఫలానా ఊళ్లో జరగాలని రాసి ఉండి, అది సీటు కాదని చూపే బలమైన సూచన ఇంకేదీ లేకపోతే ఆ ఊరే సీటు అవుతుందని కోర్టు చెప్పింది. ఇక్కడ అలాంటి సూచనలు రెండున్నాయి: 1996 చట్టం పేరు పెట్టారు, ఢిల్లీ కోర్టులకు మాత్రమే పరిధి ఇచ్చారు. 2014 ఎనర్‌కాన్ కేసులోనూ వెన్యూ లండన్ అనే ఉంది. కానీ ఒప్పందానికి భారత చట్టం, ఆర్బిట్రేషన్‌కు 1996 చట్టం అని రాసుకున్నందువల్ల సీటు భారత్‌లోనే ఉందని సుప్రీంకోర్టు తేల్చింది. మీరు లండన్ అని ధీమాగా ఉంటే, అవతలివాళ్లు ఎనర్‌కాన్ చూపిస్తారు.

సిరాబుడ్డి గారికి ఒక పద్ధతి చెబుతాను. ఒప్పందంలో ఊరి పేరు, దేశం పేరు, చట్టం పేరు వచ్చిన చోటల్లా గీత గీయండి. ఒక్కోదాని దగ్గర ఆగి మూడు ప్రశ్నలు వేయండి. రేపు ఆర్బిట్రేటర్ ఇచ్చే తీర్పును, అంటే అవార్డును, కొట్టేయమని ఏ కోర్టుకెళ్లాలో ఇది చెబుతోందా? సాక్షులు ఎక్కడ కూర్చోవాలో చెబుతోందా? ధర, డెలివరీ, నష్టపరిహారం లాంటి షరతుల అర్థాన్ని ఏ చట్టంతో తేల్చాలో చెబుతోందా? మొదటి ప్రశ్నకు ఒకే జవాబు రావాలి. మీ ఒప్పందంలో 22.1 ఢిల్లీ అంటోంది, 22.2లో వెన్యూ లండన్ వైపు లాగితే చట్టం పేరు మళ్లీ భారత్ వైపు లాగుతోంది, షెడ్యూలు సింగపూర్ అంటోంది. లోపం సరిగ్గా అక్కడే ఉంది.

వానచినుకు
ఇప్పుడు హియరింగ్‌లు చాలావరకు వీడియోలోనే కదా. ఎవరూ ఎక్కడికీ వెళ్లనప్పుడు ఈ ఊళ్ల గొడవ దేనికి? లింకు పంపితే సరిపోదా?

పాతఫైళ్లు
మీరు అడుగుతున్నది కూర్చునే చోటు గురించి. అది వీడియోలోనైనా పెట్టుకోవచ్చు. సీటు అన్నది మనుషులు కూర్చునే చోటు కాదు, ఆ ఆర్బిట్రేషన్‌ను ఏ దేశపు చట్టం, ఏ కోర్టు పర్యవేక్షిస్తాయన్న సంగతి. అందరూ వీడియోలో కలిసినా అవార్డుకు ఒక సీటు ఉండాల్సిందే.

మూడోకాపీ
మాకు జరిగింది చెబుతాను. మాస్టర్ ఒప్పందంలో సీటు ముంబై అని స్పష్టంగానే రాసుకున్నాం. తర్వాత అవతలి కంపెనీ పంపిన పర్చేజ్ ఆర్డర్ల వెనక చిన్న అక్షరాల్లో వేరే ఊరు, వేరే కోర్టు ఉన్నాయి. వివాదం ఒక ఆర్డరు మీద వచ్చింది. ఆర్బిట్రేటర్‌ను ఏ హైకోర్టు నియమించాలన్న దగ్గరే వాదన ఆగిపోయింది, సరుకు సంగతి ఎవరూ ఎత్తలేదు. ఒప్పందానికీ ఆర్డరుకూ తేడా వస్తే ఏది చెల్లుతుందో చెప్పే వాక్యం మా కాగితాల్లో లేదు. షెడ్యూలు కంటే అసలు క్లాజుకే బలమని గట్టుమీద గారన్నారు. ఆ మాట ఒప్పందంలో రాసి ఉంటేనే పనికొస్తుంది.

సిరాబుడ్డి
ఇందులోనూ అలాంటి వాక్యం లేదు, ఇప్పుడే వెతికాను. ఇంకో సందేహం. లండన్, సింగపూర్ రెండూ తీసేసి భారత చట్టం, ఢిల్లీ కోర్టులు మాత్రం ఉంచితే సరిపోతుందా?

పాతఫైళ్లు
రెండూ పూర్తిగా పోతే ఢిల్లీ సీటని వాదించడం తేలికే. కానీ ఎక్కడో ఒక విదేశీ ఊరు మిగిలిపోతే భారత చట్టం, భారత కోర్టు అన్న మాటలు మిమ్మల్ని కాపాడతాయన్న హామీ లేదు. 2020 నాటి మంకాస్తు ఇంపెక్స్ కేసు చూడండి. ఒక క్లాజులో భారత చట్టం వర్తిస్తుంది, న్యూఢిల్లీ కోర్టులకు పరిధి ఉంటుంది అని ఉంది. పక్క క్లాజులో ఆర్బిట్రేషన్ నిర్వహణ హాంకాంగ్‌లో, ఆర్బిట్రేషన్ స్థలం కూడా హాంకాంగే అని ఉంది. ఆర్బిట్రేటర్‌ను నియమించమని భారత కంపెనీ సుప్రీంకోర్టుకు వెళ్లింది. సీటు హాంకాంగ్ అంటూ కోర్టు పిటిషన్ కొట్టేసింది. వివాదం 'అంతిమంగా' అక్కడి ఆర్బిట్రేషన్‌తోనే తేలాలన్న మాటను కూడా అలాగే అర్థం చేసుకుంది. ఢిల్లీ కోర్టుల ప్రస్తావన మధ్యంతర ఉత్తర్వుల కోసమే అన్నది.

చివరిపేజీ
దానికి ఎదురుగా 2025లో వచ్చిన డిసార్తో కేసు పెట్టి చూడాలి. అందులోనూ ఒక క్లాజు భారత చట్టం, గుజరాత్ కోర్టులు అంటుంది. ఇంకో క్లాజు ఆర్బిట్రేషన్ కొలంబియా రాజధాని బొగోటాలో, అక్కడి చాంబర్ ఆఫ్ కామర్స్ నియమాలతో అంటుంది. ఈసారి సుప్రీంకోర్టు బొగోటాను వెన్యూగానే చూసి, పర్యవేక్షణ అధికారం భారత కోర్టులదేనంది, ఆర్బిట్రేటర్‌ను తానే నియమించింది. రెండు కేసుల్లోనూ క్లాజుల అమరిక దాదాపు ఒకటే, ఫలితాలు మాత్రం వేరు.

పాతఫైళ్లు
దాదాపు ఒకటే అనడం దగ్గర నాకు కొంచెం అభ్యంతరం ఉంది. హాంకాంగ్ క్లాజులో 'ఆర్బిట్రేషన్ స్థలం' అన్న వాక్యం విడిగా ఉంది. ఆ తేడా బరువైనదే.

చివరిపేజీ
కావచ్చు. కానీ సంతకం పెట్టేవాడు ఆ తేడా పసిగట్టి ఫలితం ముందే ఊహించగలడా? నాకు నమ్మకం లేదు. రెండు తీర్పులూ పక్కపక్కన పెట్టుకుని చదివాక కూడా, మూడో క్లాజు ఎటు పోతుందో చెప్పమంటే నేను చెప్పను.

ఇంకోటి. లండన్‌ను నిజంగా సీటుగా ఉంచుకునేటట్లయితే, ఆర్బిట్రేషన్ క్లాజుకే ఏ చట్టం వర్తిస్తుందో విడిగా రాయాలి. ఒప్పందానికి ఎంచుకున్న చట్టమే సాధారణంగా ఆ క్లాజుకూ వర్తిస్తుందని 2020లో ఎన్కా కేసులో బ్రిటన్ సుప్రీంకోర్టు చెప్పింది. వాళ్ల 2025 చట్టం దాన్ని మార్చింది: ఆర్బిట్రేషన్ క్లాజుకంటూ విడిగా చట్టం చెప్పుకోకపోతే సీటు చట్టమే వర్తిస్తుంది. అంటే 22.1లో భారత చట్టం అని ఉన్నంత మాత్రాన, లండన్ సీటయితే, ఆర్బిట్రేషన్ క్లాజుకు భారత చట్టం రాదు.

సిరాబుడ్డి
మా వైపు వాళ్లను అడిగాను. వాళ్లకు కావలసింది ఢిల్లీ సీటు. లండన్ అన్నది అవతలి సాక్షుల సౌకర్యం కోసమట. సింగపూర్ పాత నమూనా నుంచి వచ్చిపడిందట. ఇలా తిరగరాశాను:

"ఆర్బిట్రేషన్ సీటు న్యూఢిల్లీ. పక్షాలు ఒప్పుకుంటే హియరింగ్‌లు లండన్‌లో గానీ వీడియో ద్వారా గానీ జరపవచ్చు, దానివల్ల సీటు మారదు. ఈ ఒప్పందానికీ, ఈ ఆర్బిట్రేషన్ క్లాజుకూ భారత చట్టం వర్తిస్తుంది. ఆర్బిట్రేషన్ క్లాజుకు లోబడి, న్యూఢిల్లీ కోర్టులకు మాత్రమే అధికార పరిధి ఉంటుంది."

షెడ్యూలు 4లో ఆ వాక్యం తీసేశాను.

పాతఫైళ్లు
బాగుంది. 'దానివల్ల సీటు మారదు' అన్న ముక్కను ఎవరు అడిగినా తీయకండి. 2021 ఐనాక్స్ కేసులో ఒప్పందంలో జైపూర్ ఉంటే, పక్షాలు ఒప్పుకుని అహ్మదాబాద్‌కు మార్చుకున్నాయి. ఆ సంగతి ఆర్బిట్రేటర్ అవార్డులో రాశారు. చివరికి సీటు అహ్మదాబాదే అయింది. ఊరు మారినప్పుడు సీటు కూడా మారిందా లేదా అన్నది కాగితం మీద ఉండాలి.

మూడోకాపీ
ఒప్పందానికీ, షెడ్యూళ్లకూ, ఆర్డర్లకూ తేడా వస్తే ఏది చెల్లుతుందో కూడా రాయండి. సంతకాలయ్యాక ఆర్డర్లు అవతలి కంపెనీ నమూనాలోనే వస్తాయి.

సిరాబుడ్డి
రాశాను, దాన్నే వాళ్లు ఒప్పుకోవడం లేదు. తమ ఆర్డరు షరతులకే పైచేయి ఉండాలంటున్నారు. వివాదాల క్లాజు వరకైనా మినహాయింపు ఇమ్మని అడుగుతున్నాను. ఇలా సగం పైచేయికి ఒప్పుకుని సంతకం చేసినవాళ్లు ఎవరైనా ఉన్నారా?