సరుకు రాలేదని చెప్పి 555 అంటే ఎగతాళా, మొహమాటమా?

బెజవాడ_బొటిక్: బ్యాంకాక్‌లో మా సప్లయర్ సరుకు పంపలేదని చెప్పి చివర 555 పెట్టింది. అంటే నవ్వట. స్పానిష్ వాళ్లు jajaja, కొరియన్లు ㅋㅋㅋ అని రాస్తారట, అవీ ఇంతేనా? డబ్బు కట్టినవాళ్ల మొహాన నవ్వితే దాన్ని ఏమనాలి?

సీలోమ్_వాసి: నేను తొమ్మిదేళ్లుగా ఇక్కడే ఉంటున్నానండీ. థాయ్‌లో ఐదుని 'హా' అంటారు. మూడు ఐదులు వరసగా పెడితే హాహాహా. అక్షరాల్లో ฮ่าๆๆ అనీ రాస్తారు గానీ అంకె కొట్టడం తేలిక. నిజంగా నవ్వాగకపోతే 555555555 అని పొడుగ్గా పోతుంది. వాక్యం చివర మూడే ఉంటే మాత్రం చాలాసార్లు అది నవ్వు కాదు. తప్పు ఒప్పుకునేటప్పుడు మనవాళ్లు తల గోక్కుంటూ ఒక ఇబ్బంది నవ్వు నవ్వుతారే, అది. ఆవిడ తన తప్పు చెప్పిన వాక్యం చివర పెట్టిందా, మీరు అన్నదానికి జవాబుగా ఉత్త 555 పెట్టిందా? మొదటిదైతే మొహమాటం. రెండోదైతే మిమ్మల్ని చూసి నవ్వినా నవ్వి ఉండొచ్చు.

బెజవాడ_బొటిక్: ఎక్కడ పెడితే ఏంటండీ? లక్షా ఎనభై వేలు నావి. శ్రావణమాసానికి రావాల్సిన సరుకు అది. నవ్వు నవ్వే.

చైనా_ఎంబీబీఎస్: అక్కా, 555 అంటే ఏడుపు. చైనాలో ఐదుని 'ఊ' అంటారు. ఊ ఊ ఊ అని ఏడ్చినట్టు. మా క్లాసులో పరీక్ష పోతే అందరూ అదే పెట్టేవాళ్లు. బ్యాంకాక్ బట్టల మార్కెట్‌లో చైనా మూలాలున్నవాళ్లు చాలామంది. ఆవిడ ఏడ్చింది, మీరు తిట్టారు.

సీలోమ్_వాసి: చైనా సంగతి నిజమే తమ్ముడూ. కానీ ఆవిడ థాయ్‌లాండ్‌లో పుట్టి పెరిగిన మనిషైతే తాతలది ఏ ఊరైనా 555 నవ్వే. అసలు మెసేజ్ మొత్తం పెట్టండమ్మా, చూసి చెబుతాను.

చీరాల_మగ్గం: మా అల్లుడు నేను ఏం పంపినా 'హహ' అని రెండక్షరాలు పడేస్తాడు. మనవడికి అన్నప్రాశన ఎప్పుడని అడిగినా 'హహ'. దీనికేమంటారు?

గ్వాదలహారా_కోడర్: బాబాయ్, మీ అల్లుణ్ణి మెక్సికోలో పెడితే సరిగ్గా సరిపోతాడు. ఇక్కడ jaja అని రెండు జతలతో ఆపేస్తే 'విన్నాన్లే' అని అర్థం. ఒంటరిగా ja అంటే వెటకారం. బాగా నవ్వొస్తే jajajajaja, మధ్యలో వేళ్లు తడబడి jajsjajs కూడా. కొందరైతే తడబడకపోయినా కావాలనే అలా కొడతారు. j ని మన 'జ' లాగా చదవకూడదు, గొంతులోంచి వచ్చే 'హ' అది. అచ్చు మారితే నవ్వే మారిపోతుంది. jeje అంటే కాస్త దొంగ నవ్వు, jiji అంటే కిసుక్కుమనడం. స్పానిష్ అకాడమీ రూలు ప్రకారం ja, ja, ja అని కామాలు పెట్టాలి. చాట్‌లో ఎవరూ పెట్టరు.

కేడ్రామా_పిచ్చి: కొరియన్‌లో ఒక్క ㅋ పెడితే అవమానమే. డ్రామాల్లో చూశాను, ఒక్క ㅋ తో బ్రేకప్ అయిపోతుంది.

సువోన్_ఇంజినీర్: సగం నిజం. ఒక్క ㅋ చల్లగా తగులుతుంది, 'ఓహో' అని పెదవి విరిచినట్టు. కానీ మా టీమ్‌లో యాభై దాటిన ఒకాయన అందరికీ ఒక్కటే పెడతాడు, ఆయన అలవాటంతే. రెండు ㅋㅋ మాటకు మెత్తదనం, నాలుగైదు దాటితే అసలు నవ్వు. పైవాళ్లకి రాసేటప్పుడు నేను ㅎㅎ పెడతాను, అది చిరునవ్వులా ఉంటుంది. కొత్తలో మా సీనియర్ zzz అని పంపితే నా రిపోర్టుకి నిద్రొస్తోందేమోనని రాత్రంతా టెన్షన్ పడ్డాను. కొరియన్ కీబోర్డులో ㅋ ఉండేది Z మీట మీద. ఆయన భాష మార్చడం మరిచిపోయాడు, అంతే.

సీలోమ్_వాసి: ఇక్కడా అచ్చం అదే. థాయ్ కీబోర్డులో 5 ఉండే మీట మీద ถ అనే అక్షరం ఉంటుంది. అలా ถถถ పడుతుంది. ఇప్పుడు సరదాకి కావాలనే కొడుతున్నారు.

బెజవాడ_బొటిక్: కీబోర్డుల గొడవ నాకెందుకండీ? నా మెసేజ్ ఇదిగో:

```
Sorry na ka, not send yet 555 tomorrow sure ka
```

ఇందులో మర్యాద ఎక్కడుంది?

సీలోమ్_వాసి: అడుగడుగునా ఉందమ్మా! ka అనేది ఆడవాళ్లు మాట చివర పెట్టే గౌరవం, మన 'అండీ' లాంటిది. na దాన్ని ఇంకా మెత్తబరుస్తుంది. sorry తో మొదలుపెట్టి రెండుసార్లు అండీ అంది. 555 తన తప్పు పక్కనే ఉంది. ఇంత చూసి కూడా ఎగతాళి అంటారా? మీరు ఆ మూడు అంకెలే చదివారు.

బెజవాడ_బొటిక్: మీకు బ్యాంకాక్‌లో కూర్చుని చెప్పడం తేలికే. ఆ రేపు పదకొండు రోజులైంది. గ్రూపులో అందరూ చూస్తుండగా అడిగాను, నా డబ్బు మీకు నవ్వులాటగా ఉందా, వెనక్కిచ్చేయండి అని. అప్పటినుంచి జవాబే లేదు. తప్పు ఆవిడది, మాట పడింది నేను!

సీలోమ్_వాసి: గ్రూపులోనా? ఇంతమంది ఐదులు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాం, అసలు సంగతి ఇదన్నమాట. ఇక్కడ నలుగురి ముందు మనిషిని నిలదీస్తే ఆ వ్యాపారం అక్కడితో పోయినట్టే అనుకోండి. ఆవిడ 555 పెట్టింది పరువు కాపాడుకోడానికి. మీరు అది అందరి ముందే తీసేశారు.

గ్వాదలహారా_కోడర్: అన్నా, ఇది ఒప్పుకోను. పదకొండు రోజులు సరుకు ఆపినవాళ్ల పరువు సంగతి డబ్బు కట్టినావిడ ఎందుకు చూడాలి? బయటి దేశం వాళ్లతో వ్యాపారం చేసేవాళ్లు ఎదుటి మనిషి ఎలా చదువుతుందో ఆలోచించి రాయాలి. నేను మా ఇండియా టీమ్‌కి jaja రాయను, 'జజ' అని చదువుతారని.

సువోన్_ఇంజినీర్: ఆవిడ రాసింది ఇంగ్లిష్‌లో కదా. రెండో భాషలో రాసేటప్పుడు మాట కరుకుగా వస్తుందన్న భయం ఉంటుంది, అందుకే సొంత భాష నవ్వు అతికిస్తాం. నేనూ ఇంగ్లిష్ మెయిల్‌లో ㅎㅎ పెట్టేసి తీసేసిన రోజులున్నాయి.

సీలోమ్_వాసి: థాయ్ వాళ్లు కూడా అన్నిచోట్లా పెట్టరు. ఎవరైనా పోయారన్న వార్తకి పెట్టరు, ఆఫీసు ఉత్తరాల్లో పెట్టరు. పదకొండో రోజున ఇంకో 555 పెట్టి ఉంటే నేనూ మీ వైపే ఉండేవాణ్ణి. ఇప్పటికైనా గ్రూపు వదిలి ఆవిడకి విడిగా రాయండి. ముందు 'ఆ రోజు టెన్షన్‌లో అన్నాను' అని ఒక మాట, తర్వాత ఏ రోజు పంపుతారో తేదీ అడగండి. చివర ka పెట్టండి. 555 మాత్రం మీరు పెట్టొద్దు, అప్పుతీరని మనిషి దగ్గర అది వేరేగా వినిపిస్తుంది.

చీరాల_మగ్గం: డబ్బు ఇచ్చినావిడే సంజాయిషీ చెప్పుకోవాలా? ఎక్కడి న్యాయం ఇది?

బెజవాడ_బొటిక్: నాకూ అదే మంటగా ఉంది బాబాయ్ గారూ. అయినా సరుకు కావాలి. తొమ్మిదిన్నరకి విడిగా పంపాను, ka కూడా పెట్టాను. కింద Read అని చూపిస్తోంది. ఇంకా ఏమీ రాయలేదు.