పరిమితి కంటే తక్కువ వచ్చిన కొలతలు: మామూలు రిగ్రెషన్ సరిపోతుందా?

నీటిచుక్క: నీటి నమూనాల్లో ఒక లోహం ఎంత ఉందో కొలిచాం. మూలం నుంచి దూరం పెరిగేకొద్దీ ఎంత తగ్గుతుందో తేల్చాలి. మీటర్ 0.5 కంటే తక్కువ ఉంటే చూపించదు. మూడోవంతు నమూనాలు అలాగే వచ్చాయి. వాటికి 0.25 వేసి, లాగ్ తీసి రిగ్రెషన్ నడిపాను. ఇది సరైనదేనా?

రాజహంస: ఆ మూడోవంతు తీసేయండి. మిగిలినవి నిజంగా కొలిచినవే కదా, వాటితో తప్పు రాదు.

గణకుడు: కొలిచినవన్న మాట నిజమే, కానీ అవి ఎలా మిగిలాయో చూడాలండీ. దూరంగా ఉన్నచోట సగటు పరిమితి కిందకి వెళ్లిపోతుంది. అక్కడ మిగిలేవి, ఎర్రర్ పైకి పోయిన నమూనాలు మాత్రమే. అందుకే గీత అక్కడ పైకి లేచి, వాలు తగ్గిపోతుంది. అసలు వాలు తెలిసిన డేటా తయారుచేసి చూడండి:

```r
library(AER)
set.seed(1)
x <- rnorm(5000)
y <- pmax(2*x + rnorm(5000), 0)
coef(lm(y ~ x))
coef(lm(y ~ x, subset = y > 0))
coef(tobit(y ~ x, left = 0))
```

ఇందులో పరిమితి సున్నా, అసలు వాలు 2. సున్నాలు ఉంచితే సుమారు 1, తీసేస్తే 1.5 దగ్గర, పరిమితి కింద పడ్డవాటిని అలాగే గుర్తించి లెక్కవేసే టోబిట్ మోడల్‌లో 2 దగ్గర వస్తుంది. ఇక్కడ సగం డేటా సెన్సార్ అయింది, అంటే పరిమితి కిందకి పోయి అసలు విలువ కనబడలేదు, వాలు కూడా సగమైంది. నమూనాలు పెంచినా ఈ తేడా పోదు.

నీటిచుక్క గారూ, 0.25 మీరు ఊహించిన అంకె. 0.1 వేసి మళ్లీ నడపండి, వాలు మారిపోతుంది. టోబిట్‌లో `left = log(0.5)` ఇస్తే "ఇంతకంటే తక్కువ" అన్న సమాచారమే లెక్కలోకి వెళ్తుంది.

వెన్నెల: నా సర్వేలో వారానికి ఎన్ని గంటలు వ్యాయామం చేస్తారని అడిగితే సగం మంది సున్నా అన్నారు. నేనూ టోబిటే వాడాలా?

గణకుడు: మీ సున్నా వెనక దాగిన కొలత లేదు, అది నిజంగా సున్నానే. టోబిన్ 1958లో ఈ పద్ధతి రాసింది ఇంటి ఖర్చుల్లో వచ్చే సున్నాల గురించే కాబట్టి చాలామంది అలా వాడతారు. కానీ చేయాలా వద్దా అన్నదీ, ఎన్ని గంటలన్నదీ ఒకే కారణాల వల్ల జరుగుతాయని టోబిట్ అనుకుంటుంది. మీ డేటాలో అది నిజం కాకపోవచ్చు. ఆ రెంటినీ విడివిడిగా చూసే, 1971లో క్రాగ్ ఇచ్చిన రెండంచెల మోడల్ చూడండి.

నీటిచుక్క: 0.1 వేస్తే వాలు బాగా మారింది! టోబిట్ నడిపాను, వాలు ఇంకా నిటారుగా వచ్చింది. కానీ దూరంగా వెళ్లేకొద్దీ కొలతలు ఎక్కువ చెదిరినట్టున్నాయి.

గణకుడు: అదే టెన్షన్. మామూలు రిగ్రెషన్‌లో చెదురు మారితే స్టాండర్డ్ ఎర్రర్లే దెబ్బతింటాయి. టోబిట్‌లో వాలే తప్పవుతుంది. చెదురుకీ దూరాన్ని బట్టి మారే అవకాశం ఇచ్చి నడపండి.

రాజహంస: పావెల్ పద్ధతి? అది మధ్యస్థంతో నడుస్తుంది కదా, టోబిట్‌లా ఎర్రర్లు నార్మల్‌గా ఉండాలన్న షరతు అక్కర్లేదు.

గణకుడు: మంచి మాటే. కానీ దూరపు చోట్ల సగానికి పైగా పరిమితి కిందే ఉంటే, అక్కడి నుంచి దానికి దొరికేది ఏమీ ఉండదు. దూరాల వారీగా ఎంత శాతం కిందకి పోయిందో పెట్టండి, అప్పుడు చెప్పగలను.