ట్రేలో మొలవని క్యాప్సికం: తప్పు పాత విత్తనానిదా, పెంపకానిదా?

కొత్తనారు: క్యాప్సికం గింజలు ట్రేలో వేసి మూడు వారాలు దాటింది, ఒక్కటీ మొలవలేదు. కోకోపీట్‌ను ఎప్పుడూ తడిగానే ఉంచుతున్నాను. పొట్లం మీది గడువు నిరుడే ముగిసింది. తప్పు విత్తనానిదే అనుకోవచ్చా?

మిద్దెతోట: అనుకోవచ్చు. గడువు తీరిన గింజల కోసం ఇంకా ఎదురుచూడటం వృథా. కొత్త పొట్లం తెచ్చి, గింజలను రాత్రంతా నీళ్లలో నానబెట్టి, తేలినవాటిని పారేసి, మునిగినవాటిని మాత్రమే విత్తండి.

నారుమడి: గడువు తీరినంత మాత్రాన గింజ చావదు. పొడిగా, చల్లగా దాచిన క్యాప్సికం విత్తనం రెండు మూడేళ్ల వరకు బాగానే మొలుస్తుంది. వయసు మీరేకొద్దీ పదింటిలో తొమ్మిది మొలిచేవి ఆరో ఏడో మొలుస్తాయి, అవి కూడా కాస్త ఆలస్యంగా వస్తాయి. ట్రే అంతటిలో ఒక్కటి కూడా రాలేదంటే, అన్ని గింజలకూ ఒకేసారి తగిలిన కారణం ఏదైనా ఉందేమోనని ముందు చూడాలి. తేలిన గింజలు పనికిరావన్న మాటతోనూ నేను ఏకీభవించను. పలచగా, తేలికగా ఉండే క్యాప్సికం గింజ మంచిదైనా చాలాసార్లు తేలుతుంది.

కొత్తనారు గారూ, వేర్వేరు గుంతల నుంచి నాలుగైదు గింజలను పుల్లతో మెల్లగా పైకి తీసి, అవి ఎంత లోతులో ఉన్నాయో చూసి, గోళ్ల మధ్య నొక్కండి. గింజ గట్టిగా ఉబ్బి, లోపల తెల్లగా ఉంటే బతికే ఉంది, వెచ్చదనం కోసం ఆగింది. నొక్కగానే గోధుమరంగు గుజ్జు బయటికి వస్తే కుళ్లిపోయింది. చిన్న వేరు పొడుచుకువచ్చి ఎండిపోయి ఉంటే, మధ్యలో ఎప్పుడో తడి ఆరిందన్నమాట. మరో పని, తెల్లవారుజామున థర్మామీటర్‌ను కోకోపీట్‌లోకే గుచ్చి చూడండి. గదిలో గాలి ఎంత వెచ్చగా ఉందన్నది ఇక్కడ లెక్కకు రాదు.

ఆకుకూరలు: నాదీ ఇదే బాధ. లెట్యూస్ గింజలను వెచ్చని చోట పెట్టి, పైన మట్టి బాగా కప్పాను, ఏమీ రాలేదు. ఇంకా వెచ్చగా ఉంచమంటారా?

నారుమడి: వద్దండీ, లెట్యూస్ లెక్క పూర్తిగా వేరు. దానికి చల్లదనం కావాలి, 30 డిగ్రీల దగ్గర చాలా రకాలు మొలవకుండా ఆగిపోతాయి. పైగా వెలుతురు తగిలితేనే బాగా మొలుస్తుంది కాబట్టి మట్టి కప్పకుండా పైపైన అద్దితే చాలు.

కొత్తనారు: తీసి చూశాను. గింజలు ఒకటిన్నర సెంటీమీటర్ల లోతులో ఉన్నాయి. రెండు గుజ్జుగా చితికాయి, మిగిలినవి మెత్తబడి వాసన వస్తున్నాయి. తెల్లవారుజామున కోకోపీట్‌లో 16 డిగ్రీలు చూపించింది, గదిలో మాత్రం 20 ఉంది.

నారుమడి: ఆ తేడా తడి వల్లనే వచ్చింది. నీరు ఆవిరయ్యేటప్పుడు కుండ చల్లబడినట్లే ట్రే కూడా చల్లబడుతుంది. క్యాప్సికం 25 నుంచి 30 డిగ్రీల మధ్య ఎనిమిది పది రోజుల్లో మొలుస్తుంది, 15 దగ్గరైతే మూడు వారాలు దాటుతుంది. అన్నాళ్లూ కోకోపీట్ నీటితో నిండి ఉంటే గింజకు గాలి అందదు, మొలకకన్నా ముందే కుళ్లు వస్తుంది. తేమ నిలకడగా ఉండాలే తప్ప నీరు నిలవకూడదు: గుప్పెడు కోకోపీట్‌ను గట్టిగా పిండితే ఒకటి రెండు చుక్కలు మాత్రమే రాలాలి. లోతు అర సెంటీమీటరు చాలు, మీరు వేసిన లోతు ఎక్కువే. అయితే లోతు మాత్రమే కారణమై ఉంటే పైకి రాలేక వంగిపోయిన తెల్లని మొలకలు లోపల కనిపించేవి.

మిద్దెతోట: నా మాట పూర్తిగా కొట్టివేయడం సరికాదు. అదే చలిలో, అదే తడిలో తాజా గింజ మరికొన్నాళ్లు నిలబడేదేమో. పాతది సత్తువ తగ్గి త్వరగా కుళ్లింది.

నారుమడి: అందులో నిజముంది. ఈ ట్రేలో పాతదనం వాటా ఎంతో కుళ్లిన గింజను చూసి చెప్పలేం. పొట్లంలో గింజలు మిగిలి ఉంటే పదింటిని నీరు పిండిన టిష్యూ కాగితంలో చుట్టి, మూత ఉన్న డబ్బాలో పెట్టి, 25 డిగ్రీలు తగ్గని చోట రెండు వారాలు ఉంచండి. ఆరు పైన మొలిస్తే అదే విత్తనాన్ని గుంతకు రెండేసి వేయవచ్చు. రెండో మూడో వస్తే కొత్తది కొనండి. కాగితంలో మొలిచినవన్నీ ట్రేలో పైకి వస్తాయన్న హామీ మాత్రం లేదు.

కొత్తనారు: పన్నెండు గింజలు మిగిలాయి. పదింటిని ఈ రోజే చుట్టి పెడతాను. తర్వాత విత్తే ట్రే మీద ప్లాస్టిక్ కవర్ కప్పాలా?

మిద్దెతోట: కప్పకండి, బూజు పడుతుంది.

నారుమడి: నేనైతే కప్పుతాను, తడి త్వరగా ఆరదు, ట్రే అంతగా చల్లబడదు. రోజూ ఒకసారి తెరిచి గాలి తగలనిచ్చి, మొదటి మొలక పైకి కనిపించగానే పూర్తిగా తీసేయండి.