ఒకే డాష్‌బోర్డు, అయిదు జోన్లు: మళ్లీ పబ్లిష్ చేశాక అందరికీ అన్ని వరుసలూ కనబడుతున్నాయి

కోరమంగళ_కిరణ్:
మా అమ్మకాల రిపోర్టు ఒకే పవర్ బీఐ ఫైలు. సోమవారం ఉదయం ఎక్సెల్ ఫైళ్లు రాగానే నా ల్యాప్‌టాప్‌లో రిఫ్రెష్ చేసి, పాతదాని మీదే మళ్లీ పబ్లిష్ చేస్తాను. కోస్తా, రాయలసీమ, తెలంగాణ, కర్ణాటక, చెన్నై అని అయిదు జోన్లు. ఏ మేనేజరుకు ఆ జోను వరుసలే కనబడాలి. UserZone అనే పట్టికలో ఎవరి ఈమెయిలుకు ఏ జోనో రాసి, Zone పట్టికపై ఈ రోల్ పెట్టాను:

```
Zone[ZoneID] IN SELECTCOLUMNS(
  FILTER(UserZone,
    UserZone[Email] = USERPRINCIPALNAME()),
  "z", UserZone[ZoneID])
```

డెస్క్‌టాప్‌లో View as లో రోలూ, Other user రెండూ టిక్ పెట్టి చూస్తే లెక్క సరిగ్గా ఉంది. పబ్లిష్ చేశాక మాత్రం ఇద్దరు మేనేజర్లకు అయిదు జోన్లూ కనబడుతున్నాయి, ఒకాయనకు ఖాళీ పేజీ వస్తోంది. జోనుకో కాపీ చేయడం తప్ప దారి లేదా?

వైట్‌ఫీల్డ్_వాసు:
కాపీల జోలికి మాత్రం పోకండి. నేను చేరేసరికి మా టీములో పదకొండు కాపీలు ఉన్నాయి. పన్ను సూత్రం మారితే పదకొండు చోట్లా మార్చాలి. ఒక కాపీలో పాత సూత్రమే ఉండిపోయి, రెండు శాఖల వాళ్లు ఒకే సమావేశంలో రెండు అంకెలు చదివారు. ఆ గొడవ ఇప్పటికీ తీరలేదు.

అసలు సోమవారం సోమవారం పబ్లిష్ చేయడం దేనికి? ఎక్సెల్ ఫైళ్లను షేర్‌పాయింట్‌లో పెట్టి షెడ్యూల్డ్ రిఫ్రెష్ పెట్టుకోండి. ప్రో లైసెన్సుతోనే రోజుకు 8 సార్లు నడుస్తుంది. రిపోర్టు రూపం మారినప్పుడు పబ్లిష్ చేస్తే చాలు.

దత్తాంశ_సామ్రాట్:
ఈ రంగంలో నేను చూడని డాష్‌బోర్డు లేదు. ఇంత చిన్న పనికి DAX సూత్రం రాయనక్కరలేదు. వర్క్‌స్పేస్ నుంచి యాప్ చేసి, జోనుకో ఆడియెన్స్ పెట్టండి. ఎవరిది వాళ్లకు వెళ్లిపోతుంది.

వేళచ్చేరి_పద్మజ:
సామ్రాట్ గారూ, ఆడియెన్స్ తేల్చేది ఎవరికి ఏ రిపోర్టు కనబడాలన్నది. ఆ రిపోర్టు లోపల ఏ వరుస కనబడాలన్నది దాని చేతిలో లేదు. మీ మాట ప్రకారం వెళితే అయిదు ఆడియెన్సులకు అయిదు రిపోర్టులు కావాలి. వాసు గారు వద్దన్నది అదే కదా.

కిరణ్ గారూ, ఆ ఇద్దరికీ వర్క్‌స్పేస్‌లో ఏ హోదా ఉందో చూడండి. అడ్మిన్, మెంబర్, కాంట్రిబ్యూటర్, ఈ మూడింటిలో ఏది ఉన్నా మీ రోల్ చేసే వరుసల వడపోత, అంటే ఆర్‌ఎల్‌ఎస్, వాళ్లకు వర్తించదు. మోడల్‌ను మార్చే హక్కు ఉన్నవాళ్లకు వడపోత ఉండదు. వ్యూయర్‌కు, లేదా యాప్ ద్వారా చదవడానికి మాత్రమే హక్కు ఉన్నవాళ్లకే అది పనిచేస్తుంది. డెస్క్‌టాప్‌లో View as ఈ హోదాలను లెక్కలోకి తీసుకోదు కాబట్టి అక్కడ అంతా సవ్యంగానే కనబడుతుంది.

కోరమంగళ_కిరణ్:
చూశాను. ఇద్దరూ మెంబర్లే. ఎవరో ఎప్పుడో ఇచ్చారు. వర్క్‌స్పేస్ నుంచి తీసేసి యాప్‌లో చేర్చగానే వాళ్ల జోనుకు దిగివచ్చారు. ఒకాయన "నా రిపోర్టు పాడైంది" అని అప్పుడే ఫోను చేశారు! మూడో ఆయనకు మాత్రం ఇంకా ఖాళీగానే ఉంది.

వేళచ్చేరి_పద్మజ:
ఖాళీ అంటే ఎలా ఖాళీ? చార్టు ఉన్నచోట ఎర్రర్ వస్తోందా, లేక చార్టు వచ్చి అంకెలు రావడం లేదా? ఎర్రర్ అయితే ఆయన పేరు ఏ రోల్‌లోనూ లేదన్నమాట. మోడల్ దగ్గర Security తెరిచి చేర్చాలి. ఎర్రర్ లేకుండా ఖాళీగా ఉంటే రోల్‌లో ఉన్నారు కానీ మీ UserZone లోని ఈమెయిలూ, ఆయన లాగిన్ పేరూ కలవడం లేదు.

రిపోర్టు మూలన ఒక కార్డు పెట్టి అందులో ఈ మెజర్ వేయండి:

```
Nenu = USERPRINCIPALNAME()
```

ఆయనను రిపోర్టు తెరిచి స్క్రీన్ ఫోటో పంపమనండి.

అడయార్_అనంత్:
అందరూ ఒక సంగతి వదిలేస్తున్నారు. రోల్ నిర్వచనం ఫైలులో ఉంటుంది, ఆ రోల్‌లో ఎవరెవరు ఉన్నారన్నది ఆన్‌లైన్ పవర్ బీఐ సర్వీసులో ఉంటుంది. అదే ఫైలు పేరుతో, అదే రోల్ పేరుతో పబ్లిష్ చేసినంతకాలం సభ్యులు అలాగే ఉంటారు. మా దగ్గర ఒక పెద్దమనిషి "ZoneMgr" బాగాలేదని "Zone Manager" అని మార్చి పబ్లిష్ చేశారు. సర్వీసు దాన్ని కొత్త రోల్‌గా తీసుకుంది, సభ్యుల జాబితా సున్నా. ఉదయం తొమ్మిదింటికి ఉత్తరాది నుంచి మొదలైన ఫోన్లు మధ్యాహ్నం దాకా ఆగలేదు.

ఫైలు పేరు చివర "_v2" తగిలించినా అదే గతి. పాతదాని మీద పడదు, పక్కన ఇంకో మోడల్ పుడుతుంది. జనం పాత లింకులో పాత అంకెలే చూస్తూ ఉంటారు.

అందుకే రోల్‌లో ఒక్కొక్కరి పేరూ చేర్చకుండా ఒక సెక్యూరిటీ గ్రూపును చేర్చాను. మనుషులు మారితే గ్రూపులో మారుస్తారు. రోల్ ఎప్పుడైనా ఖాళీ అయినా తిరిగి చేర్చాల్సింది ఒక్క పేరే.

కోరమంగళ_కిరణ్:
పద్మజ గారూ, కార్డు గుట్టు విప్పింది. ఆయన లాగిన్ ఉద్యోగి సంఖ్యతో మొదలవుతుంది, నేను పట్టికలో రాసింది పేరుతో ఉన్న ఈమెయిలు. రెండింటికీ ఉత్తరాలు వెళతాయి కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. ఎక్సెల్‌లో మార్చి రిఫ్రెష్ చేశాను, వచ్చింది.

ఇప్పుడు కొత్త చిక్కు. కంపెనీ మొత్తంలో తన జోను వాటా ఎంతో చూపే మెజర్ ఒకటి ఉంది. అందరికీ 100 శాతం చూపిస్తోంది.

దత్తాంశ_సామ్రాట్:
దీనికి మాత్రం నా మాట వినండి. ALL వాడండి, వడపోతలన్నీ తొలగిపోతాయి.

```
DIVIDE([Sales],
  CALCULATE([Sales], ALL(Zone)))
```

అడయార్_అనంత్:
పోవు. ALL తీసేది స్లైసర్లనూ, చార్టు వడపోతలనూ. ఆర్‌ఎల్‌ఎస్ దానికి లొంగదు. అది లొంగితే ఎవడైనా ఒక మెజర్ రాసుకుని పక్క జోను అంకెలు చూసేస్తాడు.

దత్తాంశ_సామ్రాట్:
మీరు పుట్టకముందు నుంచీ నేను ALL వాడుతున్నాను. నా రిపోర్టుల్లో పనిచేస్తోంది.

అడయార్_అనంత్:
మీరు అడ్మిన్ కాబట్టి పనిచేస్తోంది. పద్మజ గారు పైన చెప్పింది చదివే ఉంటే ఈ మాట రాసేవారు కాదు.

వైట్‌ఫీల్డ్_వాసు:
వయసుల లెక్క మానండి. Test as role లో చెన్నై మేనేజరుగా తెరిచి చూస్తే తేలిపోతుంది. నేను ఇప్పుడే చిన్న ఫైలుతో చేశాను. మొత్తం 2 కోట్లు, చెన్నైది 50 లక్షలు. 25 శాతం రావాలి. ALL తో 100 వచ్చింది, ఎందుకంటే హారంలోనూ 50 లక్షలే మిగిలాయి.

వేళచ్చేరి_పద్మజ:
దారి ఉంది. కాలిక్యులేటెడ్ టేబుల్ రిఫ్రెష్ సమయంలోనే తయారవుతుంది, అప్పటికి చూసేవాడు ఎవరూ లేడు కాబట్టి వడపోత పడదు. మొత్తాన్ని అలా ముందే కట్టి పెట్టుకోండి:

```
Motham = ROW("Total", SUM(Sales[Amount]))
```

వాటా మెజర్‌లో హారంగా MAX(Motham[Total]) వేయండి. ఈ పట్టికను Zone కు గానీ Sales కు గానీ కలపకూడదు, కలిపితే మళ్లీ వడపోత వచ్చి పడుతుంది. నెల స్లైసర్‌కు ఇది స్పందించదు. అది కావాలంటే ఒకే వరుసకు బదులు తేదీవారీ మొత్తాల పట్టిక కట్టి, దాన్ని కేలండర్‌కు మాత్రమే కలిపి, హారంలో MAX కు బదులు SUM వాడాలి.

దత్తాంశ_సామ్రాట్:
అంటే కంపెనీ మొత్తం అందరికీ చెప్పేస్తున్నట్టే కదా! ఇది భద్రతా?

అడయార్_అనంత్:
ఇది మాత్రం సరైన ప్రశ్న. అయిదు జోన్లుంటే ఫరవాలేదు. రెండే ఉంటే తనది తీసేస్తే ఎదుటివాడిది బయటపడుతుంది. మా ఫైనాన్సు వాళ్లు శాతం చూపడానికి ఒప్పుకున్నారు, మొత్తం అంకె చూపడానికి ఒప్పుకోలేదు. కానీ శాతం, తన అంకె రెండూ తెలిసినవాడు మొత్తం కట్టలేడా?

వేళచ్చేరి_పద్మజ:
కట్టగలడు. అది మెజర్‌తో తేలేది కాదు, ఆ అంకె చూపాలో వద్దో మీ యాజమాన్యం చెప్పాలి.

మైలాపూర్_మాధవి:
నాదీ ఇదే సమస్య. మా హెచ్‌ఆర్ రిపోర్టులో జీతం కాలమ్ మేనేజర్లకు కనబడకూడదు. పై రోల్‌లోనే జీతం ఖాళీ అని రాస్తే సరిపోతుందా?

వైట్‌ఫీల్డ్_వాసు:
మాధవి గారూ, ఇది వేరే సమస్య. ఇక్కడ నడుస్తున్నది వరుసల వడపోత, మీకు కావలసింది కాలమ్‌ను దాచే ఆబ్జెక్ట్-లెవల్ సెక్యూరిటీ. టాబ్యులర్ ఎడిటర్‌తో పెట్టవచ్చు. కానీ ఆ కాలమ్ వాడిన చార్టులు వాళ్లకు ఎర్రర్‌తో నిలబడతాయి, అందుకు ముందే సిద్ధపడండి.

కోరమంగళ_కిరణ్:
చివరి సందేహం. UserZone పట్టిక కూడా మోడల్‌లోనే ఉంది. మేనేజర్లు దాన్ని తెరిచి అందరి ఈమెయిళ్లూ చూడగలరా?

వేళచ్చేరి_పద్మజ:
బిల్డ్ హక్కు ఉన్నవాడు ఎక్సెల్ నుంచి మోడల్‌కు తగులుకుంటే చూడగలడు. హైడ్ చేయడం కంటికి మాత్రమే. అదే రోల్‌లో UserZone మీద FALSE() అని రాయండి. ఆ పట్టికలో ఆ రోల్‌లోని ఎవరికీ ఒక్క వరుసా కనబడదు, Zone మీద మీరు రాసిన సూత్రం మాత్రం దాన్ని చదువుతూనే ఉంటుంది.

అడయార్_అనంత్:
ఇంకొకటి, యాప్ వాడుతున్నారు కాబట్టి. చార్టు మార్చి పబ్లిష్ చేస్తే, Update app నొక్కేదాకా జనానికి పాత చార్టే. రోల్ మార్చినా, అంకెలు మారినా మాత్రం పబ్లిష్ అయిన వెంటనే అమలవుతాయి. రోల్ సూత్రంలో పొరపాటు ఉంటే "ఇంకా అప్‌డేట్ నొక్కలేదులే" అనుకునే వీలు లేదు.

మైలాపూర్_మాధవి:
మేనేజర్లెవరూ రిపోర్టు తెరవరండీ. సోమవారం ఉదయం ఈమెయిలులో బొమ్మ రావాలంటారు. నేనే అందరినీ చేర్చి సబ్‌స్క్రిప్షన్ పెడితే ఎవరిది వాళ్లకు వెళుతుందా?

వేళచ్చేరి_పద్మజ:
వెళ్లదు. సబ్‌స్క్రిప్షన్ ఎవరు పెట్టారో వాళ్ల కళ్లతో బొమ్మ తయారవుతుంది. మీరు అడ్మిన్ అయితే అన్ని జోన్ల వరుసలూ అందరి ఇన్‌బాక్సులకూ చేరిపోతాయి. ఒక్కొక్క మేనేజరునూ యాప్‌లో తన పేరున తానే సబ్‌స్క్రైబ్ చేసుకోమనండి.

మైలాపూర్_మాధవి:
వాళ్ల చేత ఆ బటన్ నొక్కించడం నా వల్ల అయ్యే పని కాదు.