1890లో ఓల్డ్‌హామ్ హాఫ్‌టైమ్ పిల్లలకు ఏ స్టాండర్డ్ పాస్ కావాలి?

ఇంగ్లండ్‌లో మిల్లు పిల్లలు బడి పిల్లలుగా మారిన కాలం మీద ఒక పాఠం తయారు చేస్తున్నాను. 1890లో ఓల్డ్‌హామ్ నూలు మిల్లులో చేరబోయే పదేళ్ల అమ్మాయిని ఉదాహరణగా తీసుకుని ఒక్కచోట ఆగిపోయాను.

1878 ఫ్యాక్టరీ చట్టం ప్రకారం పదేళ్లు నిండితే హాఫ్‌టైమ్ పనికి వెళ్లొచ్చు. అంటే రోజులో సగం మిల్లు, సగం బడి. చాలాచోట్ల ఒక వారం తెల్లవారుజామున మిల్లుకు పోతే, మరో వారం మధ్యాహ్నం పోయేవారు. తెల్లవారి ఆరింటికే పనిలో దిగిన పిల్లలు మధ్యాహ్నం బెంచీ మీద కునుకు తీయక ఏం చేస్తారు!

మరోవైపు 1880 విద్యా చట్టం 5 నుంచి 10 ఏళ్ల వరకు బడి తప్పనిసరి చేసింది. పదేళ్లు దాటాక సడలింపు కావాలంటే ఒక స్టాండర్డ్ పరీక్ష పాసైన సర్టిఫికెట్ చూపాలి. ఆ స్టాండర్డ్ ఏదో దేశమంతటికీ ఒకటే కాదు, స్థానిక స్కూల్ బోర్డు ఉపనియమాలే నిర్ణయించేవి. నా చిక్కు అక్కడే. రెండు చట్టాల పాఠాలూ చదివాను, 1893లో కనీస వయసు 11కి పెరగడం, 1918 చట్టంతో హాఫ్‌టైమ్ రద్దుకు దారి పడడం దాకా చూశాను. కానీ ఊరివారీ ఉపనియమాలు ఎక్కడా దొరకలేదు. సాధారణ చరిత్ర పుస్తకాలు "స్థానికంగా మారేది" అని ఒక్క మాటతో వదిలేస్తున్నాయి.

1890 నాటికి ఓల్డ్‌హామ్ బోర్డు హాఫ్‌టైమ్‌కు ఏ స్టాండర్డ్ అడిగేదో చెప్పే ఉపనియమాల ప్రతి ఏ ఆర్కైవ్‌లో, ఏ రికార్డుల కింద దొరుకుతుంది?