మేనేజరుకు మెయిల్లో ‘క్షమించండి’, ‘ఏమో’, ‘బహుశా’: ఏవి తీసేయాలి, ఏవి ఉంచాలి?

నీలిసిరా: మా పత్రిక మేనేజరుకు ఈ మెయిల్ ఇవాళ పంపాలి. ఆయనతో ఉత్తరాలన్నీ తెలుగులోనే. భయపడుతూ రాసినట్టుందని పక్క సీటాయన అన్నాడు. మర్యాద పోకుండా ఎలా బాగుచేయాలి?

> విషయం: చిన్న విన్నపం
> సార్, నమస్కారం. మీరు బిజీగా ఉంటారని తెలుసు, ఇబ్బంది పెడుతున్నందుకు క్షమించండి. నాకు అంతగా తెలియకపోవచ్చు గానీ, కవరు డిజైన్ ఇంకా ఖరారు కానందువల్ల సంక్రాంతి సంచిక బహుశా కాస్త ఆలస్యం కావచ్చేమో అనిపిస్తోంది. వీలైతే ఒకసారి చూడగలరు. లోపలి పేజీల ప్రూఫు రెండు రోజులు ఆలస్యమైనందుకు కూడా సారీ. తప్పుగా అనుకోకండి.

ప్రూఫుపేజీ: ముందు ఆ పొడుగు వాక్యం చివర చూడండి. తెలుగులో అనుమానం క్రియ తోకకు అంటుకుంటుంది, అందుకే రాసినవాళ్ల కంట పడదు. ‘కావచ్చు’ ఒక అనుమానం, దానికి ‘ఏమో’ తగిలిస్తే రెండు, ‘అనిపిస్తోంది’తో మూడు, ముందున్న ‘బహుశా’తో నాలుగు. ఒక్కటి చాలే చోట నాలుగున్నాయి. పైగా ‘కాస్త’ ఆలస్యాన్నే చిన్నది చేసేసింది. ఇది చదివినాయన తొందరేమీ లేదనుకుని పక్కన పెడతాడు.

అనుమానం నిజంగా ఉంటే దాన్ని చెరిపేయొద్దు, దేని మీద అనుమానమో చెప్పండి. ప్రెస్‌కు ఫైలు ఏ రోజుకి చేరాలి? చేరకపోతే ఏమవుతుంది? అవి రాస్తే ‘ఏమో’ తనంతట తానే రాలిపోతుంది.

గట్టుమీద: అదంతా సరేనండీ, ‘చూడగలరు’ మాత్రం ముట్టుకోవద్దు. పెద్దవాళ్లకు ‘చూడండి’ అని రాయడం ఆజ్ఞ వేసినట్టుంటుంది. ఏ ఆఫీసు సర్క్యులరు తీసినా ‘గమనించగలరు’ అనే ఉంటుంది. అది మన పద్ధతి.

ప్రూఫుపేజీ: ‘చూడండి’ కూడా గౌరవ రూపమే గట్టుమీద గారూ. మర్యాదంతా ఆ ‘అండి’లోనే ఉంది.

గట్టుమీద: నోటితో అన్నప్పుడు ఉంటుంది. కాగితం మీద గొంతు వినబడదు కదా.

బుల్లోడు_రాజమండ్రి: సెలవు చీటీకి కూడా ఇదే పద్ధతా అన్నా? మా దగ్గర ‘దయచేసి మంజూరు చేయవలసిందిగా ప్రార్థిస్తున్నాను’ అని లేకపోతే చీటీ వెనక్కొస్తుంది. మొన్న నాది రెండుసార్లు తిప్పిపంపారు.

ప్రూఫుపేజీ: సెలవు చీటీ వేరు తమ్ముడూ, దానికో అచ్చు ఉంటుంది, అచ్చు ప్రకారమే రాయి. ఇక్కడ ఆయన చేత ఒక నిర్ణయం తీయించాలి.

గట్టుమీద గారూ, ‘గలరు’ ఉంచుకుందాం, నాకు పేచీ లేదు. చిక్కు ‘చూడు’ అన్న క్రియలో ఉంది. ఆయన చూసి ఊరుకున్నా మీరడిగిన పని చేసినట్టే. కావలసింది ఖరారు చేయడం. ‘బుధవారం సాయంత్రం 5 లోగా ఖరారు చేయగలరు’ అంటే మర్యాదా ఉంది, గడువూ ఉంది. గడువు లేని ‘గలరు’ వల్ల పని జరగదు. ‘వీలైతే’ను మాత్రం తీసేయాల్సిందే, అది వీలు కాలేదని చెప్పడానికి ఆయనకు మీరే ఇచ్చిన జవాబు.

నీలిసిరా: గడువు నిజంగానే బుధవారం. గురువారం ఉదయం అచ్చు ప్లేట్లకు ఫైలు వెళ్తే జనవరి 6కి ప్రతులు వస్తాయి. ఆ స్లాటు దాటితే మళ్లీ ఎప్పుడిస్తారో ప్రెస్ వాళ్లు చెప్పలేదు. డిజైన్లు రెండున్నాయి, నాకు మొదటిది నచ్చింది. ప్రూఫు మాత్రం నావల్లే ఆలస్యమైంది, ఇప్పుడు సవరణలు పూర్తయ్యాయి.

ప్రూఫుపేజీ: మెయిల్లో ఉండాల్సినవి ఈ మాటలే, కానీ మీ చిత్తులో దాదాపు ఏవీ లేవు. ఇలా మార్చండి:

> విషయం: సంక్రాంతి కవరు – బుధవారం సాయంత్రం 5 లోగా మీ నిర్ణయం కావాలి
> సార్, నమస్కారం. రెండు కవరు డిజైన్లు జతచేశాను. బుధవారం సాయంత్రం 5 లోగా ఒకటి ఖరారు చేయగలరు. గురువారం ఉదయం ప్లేట్లకు పంపితే జనవరి 6కి ప్రతులు అందుతాయి. ఆ స్లాటు తప్పితే తర్వాతి తేదీ ప్రెస్ వాళ్లు ఇంకా చెప్పలేదు. నా అభిప్రాయం మొదటి డిజైన్.
> లోపలి పేజీల ప్రూఫు నేను రెండు రోజులు ఆలస్యంగా ఇచ్చాను, క్షమించండి. సవరణలు పూర్తయ్యాయి, ఫైలు సిద్ధంగా ఉంది.

‘చిన్న విన్నపం’ పోయింది. ఫోన్లో నోటిఫికేషన్ వచ్చినప్పుడు సాధారణంగా పేరు తర్వాత కనబడేది విషయమూ మొదటి ముక్కానే, వాటిని విన్నపానికీ క్షమాపణకే ఖర్చు చేశారు మీరు. ఇక మూడు క్షమాపణల్లో ఒకటి మిగిలింది. ఇబ్బంది పెట్టినందుకు అక్కర్లేదు, నిర్ణయం అడగడం మీ ఉద్యోగం. ‘తప్పుగా అనుకోకండి’ అక్కర్లేదు, అది చదివాకే తప్పేముందా అని వెతుకుతారు. ప్రూఫుది నిజమైన తప్పు, ఉండాలి. కానీ ‘ఆలస్యమైనందుకు’ అంటే అదేదో దానంతటది జరిగినట్టుంది. ‘నేను ఆలస్యంగా ఇచ్చాను’ అనండి, వెంటనే ఇప్పుడు ఫైలు ఎక్కడుందో చెప్పండి.

గట్టుమీద: ‘నేను ఆలస్యంగా ఇచ్చాను’!! రేపు సంచిక లేటైతే ఈ ముక్కే తీసి చూపిస్తారు. మా మేనేజరు దగ్గర నాకు జరిగింది అదే. ఇంక్రిమెంటప్పుడు పాత మెయిల్ తీసి నా ముందు పెట్టాడు. మీకేం, రాయమంటారు. ‘ఏమో’, ‘అనిపిస్తోంది’ పిరికితనం అనుకుంటున్నారు. అవి చిన్న ఉద్యోగికున్న గొడుగు.

వనజ_ఓరుగల్లు: ఇంతసేపూ ‘గలరు’ గురించి కొట్లాడారు గానీ అసలు సంగతి ఇదే కదా, నేరం ఎవరి మీద పడుతుందని.

ప్రూఫుపేజీ: ఔను, అదే. గట్టుమీద గారూ, మీ భయం కాదనను. కానీ ఆ గొడుగు వానకు ఆగదు. ‘ఆలస్యం కావచ్చేమో అనిపిస్తోంది’ అని రాస్తే, రేపు లేటైనప్పుడు ‘గట్టిగా ఎందుకు చెప్పలేదు’ అంటారు. తేదీ వేసి రాస్తే, హెచ్చరిక ఏ రోజు వెళ్లిందో మెయిలే చెబుతుంది. తెలియని చోట తెలియదనే రాశాం చూడండి, తర్వాతి తేదీ ప్రెస్ చెప్పలేదని. మాట ఇచ్చింది మీ చేతిలో ఉన్నదానికే.

గట్టుమీద: హెచ్చరికకు ఒప్పుకుంటా. తప్పు ఒప్పుకోవడం రాతలో వద్దు, ఎదురుగా చెప్పుకుంటే చాలు.

ప్రూఫుపేజీ: ఆలస్యం ఆయనకు ముందే తెలిస్తే ఎదురుగా చెప్పినా చాలు, నిజమే. తెలియకపోతే మాత్రం మెయిల్లోనే ఉండాలి. కవరు గడువు గట్టిగా అడుగుతూ మన రెండు రోజులు దాచామనిపిస్తే, ఆ గడువునే నమ్మరు.

వనజ_ఓరుగల్లు: ఇంకో మాట. ‘నా అభిప్రాయం మొదటి డిజైన్’ అని మగాళ్లు రాస్తే స్పష్టత, మేం రాస్తే పొగరు. మా ఆఫీసులో ఇదే తంతు. దీనికి ఏ మాట మార్చాలో చెప్పండి.

ప్రూఫుపేజీ: మాట మారిస్తే పోయేది కాదమ్మా అది. కారణం ఒకటి జోడిస్తే కొంత నయం: ‘మొదటిదైతే పేరు దూరం నుంచి చదవొచ్చు, అందుకే అది’ అని. వాదన మనిషి మీంచి డిజైన్ మీదికి మళ్లుతుంది. అందరి దగ్గరా పనిచేస్తుందని చెప్పలేను.

వనజ_ఓరుగల్లు: కారణం రాస్తే ‘పాఠాలు చెబుతోంది’ అన్నారు. సరే, చూస్తా.

నీలిసిరా: పంపేశానండీ. ‘గలరు’ ఉంచాను, కారణం కూడా కలిపాను. ప్రూఫు సంగతి సార్‌కు ముందే తెలుసు, అందుకని మెయిల్లో తీసేసి నోటితో చెప్పాను.

గట్టుమీద: మంచి పని చేశారు.

ప్రూఫుపేజీ: నేనైతే ఉంచేవాణ్ణి. బుధవారం 5కి జవాబు రాకపోతే ఇంకో మెయిల్ రాయొద్దు, ఫోన్ చేయండి.