ముందు ఫైలు చూడాలా, నేరుగా కాపీలే అడగాలా?

పల్లె విలేకరి: మా మండలంలో ఒక సీసీ రోడ్డు 200 మీటర్లు వేసినట్టు బిల్లు చెల్లించారు. నేను టేపుతో కొలిస్తే 140 మీటర్లే వచ్చింది. సమాచార హక్కు చట్టం కింద "ఈ పనికి సంబంధించిన సమస్త సమాచారం ఇవ్వండి" అని ఒకే దరఖాస్తు పెట్టాలా, లేక ముందు ఫైలు తనిఖీకి అనుమతి అడగాలా? తనిఖీకి వెళితే కాగితాలు మార్చేస్తారని మా డెస్కులో భయపడుతున్నారు.

గోదావరి గట్టు: కాపీలే అడగండి. 30 రోజుల్లో ఇవ్వకపోతే ఆ తర్వాత పేజీల రుసుము లేకుండా ఇవ్వాలి. "60 మీటర్లు ఎందుకు తగ్గాయి?" అని కూడా రాయండి, జవాబు చెప్పక తప్పదు.

విశ్రాంత ఇంజినీరు: రుసుము మాట నిజం. "ఎందుకు" అన్న ప్రశ్న మాత్రం వృథా. రికార్డులో ఉన్నదే ఇస్తారు, లేని వివరణ తయారుచేసి ఇవ్వనక్కరలేదని 2011లో సీబీఎస్‌ఈ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. "సమస్త సమాచారం" అంటే, స్పష్టత లేదని తిప్పి పంపుతారు.

విలేకరి గారూ, ముందు తనిఖీయే అడగండి. సెక్షన్ 2(జె) ఆ హక్కు ఇస్తోంది, మొదటి గంటకు రుసుము లేదు. పని కొలతలు నమోదు చేసే పుస్తకాన్ని ఎం బుక్ అంటారు. బిల్లు మీద దాని నంబరు, పేజీ రాసి ఉంటాయి. అవి రాసుకుని వచ్చి, "ఫలానా ఎం బుక్, ఫలానా పేజీల ధ్రువీకృత నకళ్లు" అని రెండో దరఖాస్తు పెడితే తప్పించుకోవడం కష్టం. నోట్ షీట్లకు, ఉత్తరాలకు పేజీ సంఖ్యలు వేరుగా వేస్తారు. రెండింటిలోనూ ఏ సంఖ్య లేదో గమనించండి.

గోదావరి గట్టు: మార్చేస్తే ఏం చేస్తారు మరి?

విశ్రాంత ఇంజినీరు: ఎం బుక్ కుట్టిన పుస్తకం, పేజీలకు ముందే సంఖ్యలు ఉంటాయి. పేజీ చింపితే తెలిసిపోతుంది, అంకె దిద్దితే మాత్రం తెలియకపోవచ్చు. అందుకే తనిఖీకి దరఖాస్తు పెట్టిన రోజే, బిల్లు చెల్లించిన కార్యాలయానికి బిల్లు నకలు కోసం వేరే దరఖాస్తు పెట్టండి. రెండు చోట్లా ఒకేసారి దిద్దడం అంత తేలిక కాదు.

కావేరి: మా అమ్మగారి పింఛను దరఖాస్తు ఎనిమిది నెలలుగా కదలడం లేదు. దానికీ ఫైలు తనిఖీ అడగవచ్చా?

విశ్రాంత ఇంజినీరు: అడగవచ్చమ్మా. ఫైలు ఏ తేదీన ఎవరి బల్లకు వెళ్లిందో చూపమనండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే, ఆ తర్వాతి 30 రోజుల్లో మొదటి అప్పీలు వేయండి.

దస్త్రాల గది: కాగితాలు వచ్చాక ఏం చేయాలో నేను చెబుతాను, కథనాలు ఎక్కువగా చెడేది అక్కడే. నకళ్లతో వచ్చిన ఉత్తరాన్ని, కవరును పారేయకండి. ఆ కాగితం ఎక్కడినుంచి, ఏ తేదీన వచ్చిందో చెప్పే సాక్ష్యం అదే. అసలు నకలు మీద గీతలు పెట్టకుండా స్కాన్ చేసి, ప్రతి పత్రానికీ ఒక సంఖ్య ఇవ్వండి. తర్వాత ఒక పట్టిక వేయండి: తేదీ, జరిగినది, పత్రం సంఖ్య, పేజీ. పత్రం చేతికి రాని ఘట్టానికి వరుసను ఖాళీగా ఉంచండి. కథనంలోని ప్రతి వాక్యానికీ పత్రం సంఖ్య చూపించలేకపోతే ఆ వాక్యం తీసేయండి.

ఒక రోడ్డు విషయంలో ఈ పట్టికే మాకు దారి చూపింది. బలం పరీక్షించే కాంక్రీటు దిమ్మలు మార్చి 20న పోశారని ఒక పత్రంలో ఉంది. పోసిన 28 రోజులకు చేసే బలపరీక్ష నివేదిక మాత్రం మార్చి 30 బిల్లుకే జతయి ఉంది. ఆ పరీక్ష ఏప్రిల్ 17కు ముందు జరగదు. విడివిడిగా చదివినప్పుడు రెండు కాగితాలూ సక్రమంగానే కనిపించాయి.

గోదావరి గట్టు: అంటే దొంగ బిల్లు అని తేలిపోయినట్టే కదా!

దస్త్రాల గది: కాదండీ. ఆ నివేదిక ఆ తేదీకి నిజమై ఉండదని మాత్రమే తేలింది. రోడ్డు నాసిరకమని, డబ్బు ఎవరో తిన్నారని దానితో రాయలేం. విలేకరి గారి విషయంలోనూ అంతే. మూడు మీటర్ల వెడల్పు, 15 సెంటీమీటర్ల మందం అయితే 200 మీటర్లకు 90 ఘనపు మీటర్లు, 140 మీటర్లకు 63. తేడా 27. కానీ ఆ 60 మీటర్లు పక్క సందులో వేసి ఉండవచ్చు. అంచనాతో ఉన్న నక్షా చూడకుండా "రోడ్డు మాయం" అని రాయకండి.

విశ్రాంత ఇంజినీరు: నక్షాలో లేని సందులో వేసినా ఎం బుక్‌లో ఆ సంగతి నమోదు చేయాలి. పనిని అక్కడికే వెళ్లి చూసే హక్కు కూడా 2(జె)లోనే ఉంది. మీ టేపు కొలత కన్నా అధికారి ఎదుట తీసిన కొలత బలంగా నిలుస్తుంది.

దస్త్రాల గది: ఇక్కడ నేను మీతో ఏకీభవించను. అధికారిని రోడ్డు మీదకు పిలిచారంటే కాంట్రాక్టరుకు ఆ సాయంత్రమే తెలుస్తుంది. వారం తిరగకుండా మిగిలిన 60 మీటర్లు పోసేస్తే కథనం ఏం కావాలి?

విశ్రాంత ఇంజినీరు: పోస్తే ఊరికి రోడ్డు వస్తుంది. బిల్లు తేదీకి అది లేదని చూపడానికి, ఇప్పుడే తేదీతో ఫొటోలు తీసి ఉంచుకోవచ్చు.

పల్లె విలేకరి: ఫొటోలు ఈరోజే తీస్తాను. సోమవారం రెండు కార్యాలయాల్లోనూ దరఖాస్తులు ఇచ్చి రసీదులు తీసుకుంటాను. రోడ్డు దగ్గర కొలత ఇప్పుడే అడగాలా, నకళ్లు వచ్చాక అడగాలా అన్నది ఇంకా తేల్చుకోలేదు.